మూడు పేజీల మినిట్స్‌లోంచి పనుల పట్టిక తీయడం ఎలా?

కొత్త కార్యదర్శి:
అందరికీ నమస్కారం. మా అపార్టుమెంటుకి ఈ ఏప్రిల్ నుంచి నేను కార్యదర్శిని. మీటింగుల్లో మాటలన్నీ రాసుకుంటాను, మూడు పేజీలు వస్తుంది. నెల తర్వాత చూస్తే ఒక్క పనీ కదిలి ఉండదు. ఎవరు, ఎప్పటిలోగా, ఎక్కడిదాకా వచ్చింది అని ఒక పట్టిక చేద్దామని కూర్చుంటే ఏ వాక్యం పనో, ఏది కబుర్లో తేలడం లేదు. జూన్ 8 ఆదివారం నాటి మినిట్స్‌లో ఒక ముక్క ఇక్కడ పెడుతున్నా:

"బి బ్లాకు లిఫ్టు మధ్యలో ఆగిపోతోందని 302 వారు చెప్పారు. లిఫ్టు మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతుందని కోశాధికారి గుర్తుచేశారు. వేరే కొటేషన్లు కూడా తీసుకుంటే మంచిదని చర్చ జరిగింది. 405 వారు సహకరిస్తామన్నారు. ఇంకుడు గుంత పూడిక తీయించాలని అందరూ అభిప్రాయపడ్డారు. బకాయిల విషయమై తగు చర్యలు తీసుకోవాలని నిర్ణయించడమైనది."

గోదారోడు:
ఇందులో కష్టమేముందండీ? 'ఆలి' అని ముగిసిన ప్రతి మాటా ఒక పనే. తీయించాలి, తీసుకోవాలి. వాటిని వరసగా దింపేసి పక్కన పేర్లు రాసేయండి. నేను మా ఊరి గుడి కమిటీకి అలాగే చేస్తా.

రిటైర్డ్ సూపరింటెండెంట్:
అయ్యా, మినిట్స్ పుస్తకంలో అధ్యక్షుడి సంతకం పడ్డాక మార్పులు చేయకూడదు. మా ఆఫీసులో కొట్టివేత ఉంటే పక్కన పొట్టి సంతకం పెట్టించేవాళ్లం. పట్టికగా తిరగరాయడం మంచిది కాదు.

కొత్త కార్యదర్శి:
పుస్తకం జోలికి పోవడం లేదండీ. అది అలాగే ఉంటుంది. పట్టిక వేరే షీటులో.

ఉష (ప్రాజెక్టు ఆఫీసు):
పదేళ్లుగా ఇదే నా ఉద్యోగం, అందుకని కొంచెం ఎక్కువే రాస్తాను.

గోదారోడు గారు చెప్పింది సగం నిజం. 'ఆలి' పట్టుకుంటే కొన్ని పనులు దొరుకుతాయి. కానీ మీ ముక్కలో అన్నిటికన్నా తొందరగా చేయాల్సిన పని ఆ వాక్యాల్లో లేదు. లిఫ్టు మధ్యలో ఆగుతోందని 302 వారు చెప్పారు, మీరు రాసుకున్నారు, అక్కడితో సరి. ఇప్పటి కంపెనీకి ఫిర్యాదు ఎవరు పెడతారో ఎవరూ అనలేదు. ఇటువైపు చూస్తే 'తగు చర్యలు తీసుకోవాలి' అన్నదాంట్లో 'ఆలి' ఉంది కానీ పని లేదు. రేపు పొద్దున లేచి ఏం చేస్తారు? చెప్పలేకపోతే అది ఇంకా పట్టికలో వరుస కాదు.

అసలు చిక్కు మన మినిట్స్ భాషలోనే ఉంది. నిర్ణయించడమైనది, కోరడమైనది, అభిప్రాయపడ్డారు. చేసేవాడు వాక్యంలోంచి ఎప్పుడో జారిపోయాడు. కాబట్టి నేను ప్రతి వాక్యాన్నీ 'ఫలానావారు ఫలానాది చేస్తారు' అని తిప్పి రాసి చూస్తాను. ఫలానావారు దొరక్కపోతే ఆ గడిలో ప్రశ్నార్థకం పెడతాను, ఊహించి పేరు రాయను. ఈ ముక్కకి మొదటి చిత్తు ఇలా వస్తుంది:

| పని | ఎవరు | గడువు | స్థితి |
|---|---|---|---|
| బి లిఫ్టుపై ఇప్పటి కంపెనీకి ఫిర్యాదు పెట్టి, ఫిర్యాదు నంబరు తీసుకోవడం | ? | ? | మొదలు కాలేదు |
| లిఫ్టు మెయింటెనెన్స్‌కి రెండు కొత్త కొటేషన్లు తేవడం | 405 వారు? | 20-06-2025? | మొదలు కాలేదు |
| ఇంకుడు గుంత పూడిక తీయించడం | ? | ? | మొదలు కాలేదు |
| మూడు నెలలు దాటిన బకాయిల జాబితా కమిటీకి పంపడం | కోశాధికారి? | ? | మొదలు కాలేదు |

405 వారి పక్కన ప్రశ్నార్థకం ఎందుకంటే, 'సహకరిస్తాం' అంటే 'చేస్తాం' అని కాదు. గడువు 20 ఎందుకంటే, కాంట్రాక్టు 30తో అయిపోతుంది, కొటేషన్లు చూసి తేల్చుకోవడానికి మీకు కనీసం వారం కావాలి. ఎదురుగా ఉన్న తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టడమే. బకాయిల వరుస మాత్రం నా ఊహ, తగు చర్యల్లో మొదటి అడుగు అదే అయి ఉంటుందని.

ఇప్పుడు ప్రశ్నార్థకాలున్న వాళ్లకి ఫోన్ చేయండి, మీటింగు అయిన మర్నాడే. నాలుగో రోజుకి ఎవరికీ ఏమీ గుర్తుండదు. గడువు వాళ్ల నోటే చెప్పించండి. మీరు వేసిన తేదీని ఎవరూ తమదిగా అనుకోరు.

డల్లాస్ పద్మ:
ఇక్కడ మా తెలుగు సంఘంలో ప్రతి పనికీ ముగ్గురి పేర్లు రాస్తాం. ఒకరు ఊళ్లో లేకపోయినా పని ఆగదని. పోయిన ఉగాదికి హాలు బుక్ చేసే పని ముగ్గురి పేరునా ఉంది. ముగ్గురూ మిగతా ఇద్దరిలో ఒకరు చేశారనుకున్నారు. చివరికి స్కూలు జిమ్ములో చేసుకున్నాం, పులిహోర మాత్రం బాగుంది.

ఉష (ప్రాజెక్టు ఆఫీసు):
పద్మ గారూ, అందుకే ఒక్క పేరే రాయాలి. మిగతా ఇద్దరూ సాయం చేస్తే పని గడిలోనే 'ఫలానావారి సాయంతో' అని రాసుకోవచ్చు. 'కమిటీ' అని మాత్రం 'ఎవరు' గడిలో రాయకండి.

గోదారోడు:
ఇంకుడు గుంతకి గడువు నేను చెప్తా. మీ మీటింగు రోజే మృగశిర కార్తె. వానలు ముదిరాక గుంతలో దిగేదెవరు? వచ్చే మీటింగు దాకా ఆగితే ఈ ఏడాది నీళ్లు రోడ్డు పాలే.

షీట్ల శ్రీను:
గడువు దాటినవి వాటంతటవే కనబడాలంటే పక్క గడిలో ఇది పెట్టండి. పని B, ఎవరు C, గడువు D, స్థితి E అనుకుంటే:

```
=IF(AND(D2<>"",D2<TODAY(),E2<>"అయింది"),"దాటింది","")
```

D2<>"" ఎందుకంటే, ఖాళీ గడిని సున్నాగా తీసుకుంటుంది, గడువే లేని పనిని కూడా 'దాటింది' అంటుంది. స్థితి గడికి డ్రాప్‌డౌన్ పెట్టండి. లేకపోతే ఒకరు 'అయింది' అని, ఇంకొకరు 'అయిపోయింది' అని రాస్తారు, ఫార్ములాకి రెండూ ఒకటి కావు.

కొత్త కార్యదర్శి:
పెట్టానండీ. 5-06-2025 నాటి పాత పని ఒకటి అప్పుడే దాటిందని సరిగ్గానే చూపించింది. కానీ ప్రయత్నించి చూద్దామని 31-05-2025 అని వేస్తే ఏమీ రావడం లేదు.

షీట్ల శ్రీను:
31-05 గడిలో ఎడమవైపుకి అతుక్కుని ఉందా? అయితే అది తేదీ కాదు, మామూలు అక్షరాలు. మీ షీటు అమెరికా పద్ధతిలో నెల ముందు చదువుతోంది. 31వ నెల లేదు కాబట్టి అక్షరాలుగా వదిలేసింది, అక్షరాలెప్పుడూ TODAY() కన్నా చిన్నవి కావు. 5-06 సరిగ్గా వచ్చిందని సంతోషించకండి, దాన్ని మే 6గా చదివింది. గూగుల్ షీట్స్ అయితే File > Settings > Locale లో India ఎంచుకుని, తేదీలన్నీ మళ్లీ కొట్టండి.

కొత్త కార్యదర్శి:
నిజమే, ఎడమవైపే ఉంది! మార్చాను. ఇంకో సందేహం. 'నడుస్తోంది' అని ఎన్ని నెలలైనా రాయొచ్చా?

ఉష (ప్రాజెక్టు ఆఫీసు):
రాస్తారు, అదే ప్రమాదం. రెండు మీటింగులు వరసగా 'నడుస్తోంది' అని వస్తే పని ఆగిపోయిందనే నా లెక్క. అప్పుడు 'ఆగింది' అని మార్చి, దేనికోసం ఆగిందో రాయించండి. గడువు పొడిగిస్తే పాత తేదీ చెరపొద్దు, పక్కన ఇంకో గడి పెట్టి మొదటి గడువు అలాగే ఉంచండి. లేకపోతే ప్రతి నెలా అన్నీ సమయానికే నడుస్తున్నట్టు కనబడుతుంది. 'అయింది' అనడానికి కూడా ఏదో ఒకటి చూపించాలి: ఫిర్యాదు నంబరు, కొటేషన్ కాగితం, గుంత ఫొటో.

రిటైర్డ్ సూపరింటెండెంట్:
ఇప్పుడు అర్థమైంది. అయితే మీటింగుకి రానివారి పేరున పని వేయవచ్చునా? మా కాలంలో వేసేవారు, తర్వాత తగాదాలయ్యేవి.

ఉష (ప్రాజెక్టు ఆఫీసు):
నేను వేయనండీ. ఫోన్‌లో ఒప్పుకుంటేనే.

గోదారోడు:
నేనైతే వేసేస్తా. రానివాళ్లకి పని పడితే వచ్చే మీటింగుకి పరిగెత్తుకొస్తారు.

కొత్త కార్యదర్శి:
405 వారికి ఫోన్ చేశాను. "నేను సహకరిస్తానన్నాను గానీ నెత్తినేసుకుంటానన్నానా" అన్నారు. కొటేషన్ల వరుసలో ప్రస్తుతానికి నా పేరే రాశా, గడువు 20. ఇంకుడు గుంత 302 వారు తీసుకున్నారు, 15 లోపు. లిఫ్టు ఫిర్యాదు నంబరు వచ్చింది. బకాయిల జాబితా గ్రూపులో పెట్టాలా, కమిటీకే పంపాలా అన్నది కోశాధికారీ నేనూ ఇంకా తేల్చుకోలేదు.

డల్లాస్ పద్మ:
గ్రూపులో పెట్టకండి బాబూ. మా దగ్గర ఒకసారి పెట్టారు, రెండు కుటుంబాలు ఇప్పటికీ మాట్లాడుకోవు.