నెలకి 36 జీబీ వాడకం: 349 నుంచి 299కి దిగొచ్చా?

తెనాలి వాసు:
నాన్న ఫోన్ జూన్ స్క్రీన్‌షాట్ పెట్టాను. మొబైల్ డేటా మాత్రమే, 1 నుంచి 30 దాకా. మొత్తం 36.4 జీబీ. యూట్యూబ్ 14.2, ఇన్‌స్టా 8.6, హాట్‌స్పాట్ 6.1, వాట్సాప్ 2.9, క్రోమ్ 2.3, మిగతా చిల్లర అంతా కలిపి 2.3. 4జీ ఫోన్. ఇప్పుడు వేయిస్తున్నది 349 ప్యాక్: 28 రోజులు, రోజుకి 2 జీబీ. 299లో రోజుకి 1.5 వస్తుంది. సరిపోతుందా?

లెక్కల రాజు:
36.4ని 30తో భాగించండి, 1.21. ఒకటిన్నరలో పట్టేసి ఇంకా మిగులుతుంది. కళ్ళు మూసుకుని 299 వేయించండి.

సుజాత:
కళ్ళు మూసుకోకండి. ఈ రోజు మిగిలిన డేటా రేపటికి రాదు, అర్ధరాత్రి 12కి పోతుంది. సోమవారం అర జీబీ వాడి, ఆదివారం రెండున్నర వాడినా సగటు 1.5 అనే వస్తుంది. కానీ ఆదివారం సాయంత్రానికి స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అందులో వాట్సాప్ మెసేజీ వెళ్తుంది, యూట్యూబ్ మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఏ యాప్ ఎంత తిన్నదో స్క్రీన్‌షాట్ చెప్తుంది, ఏ రోజు తిన్నదో చెప్పదు. ప్యాక్ కొనడానికి కావలసింది ఆ రెండోదే.

కరీంనగర్ కుర్రోడు:
అన్నా, అసలు దోపిడీ 28 రోజులల్ల ఉంది. ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జులు. పోయిన నెల నా ప్యాక్ 28కే అయిపోయె, జీతం ఒకటో తారీఖుకు. మధ్యల మూడు రోజులు నెట్ లేదు. దాని గురించి ఎవ్వరు మాట్లాడరు.

లెక్కల రాజు:
అది వేరే గొడవ తమ్ముడూ. సుజాత గారూ, రోజువారీ లెక్క ఫోన్లో ఎక్కడుంది? లేనిదాని గురించి చెప్పి భయపెట్టడం ఎందుకు? నా దృష్టిలో అసలు దొంగ ఇన్‌స్టా. బ్యాక్‌గ్రౌండ్‌లో 8.6 లాగేస్తోంది. బ్యాక్‌గ్రౌండ్ డేటా ఆపేస్తే సగం తగ్గుతుంది.

సుజాత:
వాసు గారూ, ఆ జాబితాలో ఇన్‌స్టా మీద నొక్కండి. ఫోర్‌గ్రౌండ్, బ్యాక్‌గ్రౌండ్ అని రెండు అంకెలు విడిగా కనిపిస్తాయి. అవి చెప్పండి.

రోజువారీ లెక్క ఫోన్ మెసేజీల్లోనే ఉంది. రోజు కోటాలో 50 శాతం, 90 శాతం, 100 శాతం అయినప్పుడల్లా కంపెనీ ఎసెమ్మెస్ పంపుతుంది. రెండు జీబీ ప్యాక్ మీద 90 శాతం అంటే 1.8. ఆ మెసేజీ వచ్చిన ప్రతి రోజూ 1.5 దాటినట్టే. 50 శాతంది ఒక్కటే వస్తే ఒకటికీ 1.8కీ మధ్య ఉన్నట్టు, అక్కడ టైము చూడాలి. రాత్రి తొమ్మిదికి వస్తే భయం లేదు, మధ్యాహ్నం పన్నెండుకే వస్తే అనుమానించాలి. ఏ మెసేజీ రాని రోజు ఒక జీబీ లోపే. పోయిన 28 రోజులవి లెక్కపెట్టండి.

నెల్లూరు నానీ:
నాది 5జీ ఫోన్, నాకు ఒక్క మెసేజీ కూడా రాదు. అంటే తక్కువే వాడుతున్నానా?

సుజాత:
కాదు. మీ ప్యాక్‌లో అపరిమిత 5జీ ఉంటే అది కోటాలో పడదు, అందుకే మెసేజీ రాదు. ఫోన్ మీటర్ మాత్రం దాన్నీ కలిపే చూపిస్తుంది. రోజుకి 2 జీబీ కన్నా తక్కువ ప్యాక్‌కి దిగే ముందు అపరిమిత 5జీ ఉంటుందో పోతుందో చూసుకోండి. పోతే ఆ వాడకమంతా కోటా మీద పడుతుంది.

తెనాలి వాసు:
ఇన్‌స్టా ఫోర్‌గ్రౌండ్ 8.2, బ్యాక్‌గ్రౌండ్ 0.4. మెసేజీలు: 100 శాతం ఐదు రోజులు, 90 దాకా వచ్చి ఆగినవి రెండు, 50 ఒక్కటే వచ్చినవి తొమ్మిది (అన్నీ రాత్రి ఎనిమిది తర్వాతే), అసలేం రానివి పన్నెండు.

సుజాత:
చూశారా, బ్యాక్‌గ్రౌండ్ మొత్తం ఆపినా మిగిలేది 0.4. చేత్తో రీల్స్ తిప్పడం ఆగితేనే ఆ 8.2 తగ్గేది.

ఇక ప్యాక్ సంగతి. ఏడు రోజులు 1.5 దాటాయి. రోజుకో జీబీ బూస్టర్ వేయించారనుకోండి, మీ యాప్‌లో దాని రేటెంత?

తెనాలి వాసు:
1 జీబీ 19 రూపాయలు.

సుజాత:
ఏడు పందొమ్ముదులు 133. దిగడం వల్ల మిగిలేది 50. రెండు బూస్టర్ల దాకా లాభం, మూడోది పడగానే 57, నష్టం మొదలు.

లెక్కల రాజు:
బూస్టర్ వేయించుకోమని ఎవరన్నారు? యూట్యూబ్‌లో సెట్టింగ్స్‌కి వెళ్ళి, మొబైల్ నెట్‌వర్క్ మీద వీడియో క్వాలిటీని డేటా సేవర్‌కి మార్చితే సరి. వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ తీసేస్తే సరి. అయిదు నిమిషాల పని. మీరు బూస్టర్లు, ఎసెమ్మెస్‌లు అంటూ పంచాంగం చదువుతున్నారు.

సుజాత:
డేటా సేవర్ మంచిదే, యూట్యూబ్ తగ్గుతుంది. కానీ దాటింది ఆ ఏడు రోజులే కదా. ఆ రోజుల్లో ఏం నడిచిందో తెలియకుండా యూట్యూబ్ నొక్కితే ఎట్లా? సగటు లెక్క తప్పిందని ఒప్పుకోవడానికి ఇంత కష్టమా?

లెక్కల రాజు:
నా భాగహారం తప్పని చూపించండి, ఒప్పుకుంటా. ఇంట్లో 50 రూపాయలు మిగలాలంటే మనిషి కాస్త సర్దుకోవాలి. మీరేమో సర్దుకోకుండా ప్యాకే మనిషికి సరిపోవాలంటారు. అసలు తేడా అక్కడుంది.

సుజాత:
అవును, అక్కడే ఉంది. ఆ పెద్దాయన పాటలు మసక బొమ్మతో ఎందుకు చూడాలి, 50 రూపాయల కోసం? పైగా హాట్‌స్పాట్ 6.1 ఎవరిదో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వాసు గారూ, ఎవరిది?

తెనాలి వాసు:
తమ్ముడిది. ఆదివారాలు, సెలవు రోజులు ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌కి కలుపుకుంటాడు. ఆ 100 శాతం ఐదు రోజులూ వాడొచ్చినవే: నాలుగు ఆదివారాలు, ఒక సెలవు.

పద్మక్క:
నాన్న గారి మీటర్ మీద తమ్ముడి బిల్లు!

లెక్కల రాజు:
అయితే ఇంకేం. తమ్ముడిని వాడి సొంత సిమ్‌తో కలుపుకోమనండి. వాడొచ్చిన రోజుకి సుమారు 1.2 జీబీ తగ్గుతుంది, ఐదూ ఒకటిన్నర లోపుకొస్తాయి. మిగిలేవి రెండు రోజులు. 299 చాలు, నేను మొదటే చెప్పాను.

సుజాత:
చెప్పింది సరే, కారణం వేరు. అదీగాక, హాట్‌స్పాట్ పోయినా ఆ రెండు రోజులకి బూస్టర్లు వేయిస్తే 38, మిగిలేది 12 రూపాయలు. వేయించకపోతే రెండు రాత్రులు నెమ్మది నెట్. వాసు గారూ, 84 రోజుల ప్యాక్‌ల రేట్లు చూశారా?

తెనాలి వాసు:
రోజుకి 1.5 జీబీది 799, 2 జీబీది 859.

సుజాత:
859ని మూడుతో భాగించండి. 28 రోజులకి 286 రూపాయల 33 పైసలు. ఇప్పుడున్న 2 జీబీయే, అదీ మీరు దిగుదామనుకున్న 299 కన్నా తక్కువకి. నాన్న సర్దుకోనక్కర్లేదు, తమ్ముడు అలగనక్కర్లేదు. వాళ్ళు మారితే అప్పుడు 799: 28 రోజులకి 266.

కరీంనగర్ కుర్రోడు:
అక్కా, 859 ఒక్కసారి కట్టుడు అందరితోని అయితదా? కూలీ పని చేసేటోళ్ళకు 299 కూడ చూసుకోవాలె. ఇంకోటి, మధ్యల వేరే కంపెనీకి నంబర్ మార్చుకుంటే మిగిలిన రోజులు గంగల కలుస్తయి.

సుజాత:
రెండూ నిజమే. మీ ఊళ్ళో సిగ్నల్ మీద నమ్మకం లేకపోతే 84కి కట్టుబడకండి. ఒకేసారి పెట్టలేనివాళ్ళకి నా దగ్గరా మందు లేదు.

లెక్కల రాజు:
799 వేయించి క్వాలిటీ తగ్గించడమే నా ఓటు. 859కి పోతే 60 రూపాయలు దండగ.

తెనాలి వాసు:
నాన్నని అడిగాను. బొమ్మ మసకైతే ఊరుకోనన్నారు. 859 తమ్ముడితో కట్టిద్దామనుకుంటున్నా. వాడింకా ఫోన్ ఎత్తలేదు.