రిగ్రెషన్‌లో F పాసైంది, రెండు t లూ ఫెయిలయ్యాయి. ఎవరి మాట నమ్మాలి?

రమ్య: 23 మంది ఎత్తుని వాళ్ల ఎడమ పాదం, కుడి పాదం పొడవులతో అంచనా వేశాను. మోడల్ మొత్తాన్ని పరీక్షించే F 5.85, p 0.01. కానీ రెండు వాలులకీ t 0.54 దగ్గరే, p 0.59. మోడల్ పనికొస్తుందంటూనే అందులో ఏదీ పనికిరాదంటోంది. ఏది తీసుకోవాలి?

నవీన్: ఎక్కడో తప్పు జరిగింది. t ని వర్గం చేస్తే F రావాలి. 0.54 వర్గం 0.29, మీకేమో 5.85. డేటా మళ్లీ ఎక్కించి చూడండి.

శ్రీధర్: నవీన్ గారూ, అది ఒకే చలరాశి ఉన్నప్పటి మాట. ఇక్కడ రెండున్నాయి, పైగా అవి కవలలు. రమ్య గారూ, రెండు పాదాల మధ్య సహసంబంధం ఎంత?

రమ్య: 0.95. ఎత్తుతో విడివిడిగా రెండింటికీ 0.6.

శ్రీధర్: అయితే తప్పేం లేదు. ఎడమ పాదం t అడిగేది ఒక్కటే: కుడి పాదం ఇప్పటికే మోడల్లో ఉంటే ఎడమది కొత్తగా ఏం చెబుతుంది? దాదాపు ఏమీ చెప్పదు. కుడిదాని t కూడా ఇలాగే తేలుతుంది. F అడిగేది వేరు: రెండు వాలులూ ఒకేసారి సున్నానా? కాదు. పాదాల పోలిక వల్ల వాలు వేరియన్స్ ఎన్ని రెట్లు ఉబ్బిందో చెప్పే VIF ఇక్కడ 10 దాటింది, అంటే దాని వర్గమూలం లెక్కన ప్రామాణిక దోషం మూడు రెట్లకు పైగా పెరిగింది. t చిన్నదైపోవడానికి కారణం అదే. ఒక పాదం తీసేసి నడిపి చూడండి.

రమ్య: తీసేశాను. t 3.44, F 11.8! ఇప్పుడు వర్గం సరిపోయింది.

నవీన్: సరే, నా సూత్రం మీ రెండో మోడల్‌దన్నమాట.

శ్రీధర్: మొదటి పట్టిక చూసి రెండు పాదాలనీ ఒకేసారి పీకేసేవాళ్లున్నారు, అసలు ప్రమాదం అది. t విడివిడిగా చెప్పిన రెండు "కాదు"లని కలిపితే ఉమ్మడి "కాదు" అవదు.

లత: నాకూ ఇదే సమస్య! పది చలరాశులు వేశాను, F p 0.30, కానీ ఒకదాని t కి p 0.03. దాన్నే రిపోర్టులో రాసేశాను.

శ్రీధర్: మీది దీనికి తలకిందులండీ. పదింటికీ నిజంగా ఏ సంబంధం లేకపోయినా, అవి ఒకదానితో ఒకటి ముడిపడి లేకపోతే, ఏదో ఒకటి 0.05 కిందికి వచ్చే అవకాశం సుమారు 40 శాతం. F పాసవకపోతే నేనైతే t ల వైపు చూడను.

లత: ఆ చలరాశి గురించే డేటా సేకరించాం. మిగతా తొమ్మిదీ సర్దుబాటు కోసం వేసినవి. వాటి నీరసం F ని కిందికి లాగితే నా ప్రశ్న దేనికి ఆగాలి?

శ్రీధర్: ముందే రాసిపెట్టుకుని ఉంటే మీ వాదనలో బలముంది. పట్టిక చూశాక ఎంచుకుంటే లేదు.

లత: రాసిపెట్టలేదు, కానీ అందరికీ తెలుసు.

నవీన్: అందరికీ తెలుసంటే సమీక్షకుడు ఒప్పుకుంటాడా?