ప్లాస్మాలో ప్రొప్రనలాల్: ఎస్‌పీఈ తర్వాత సగం మందు మాయం

సంపంగి
హైదరాబాదులో రక్త నమూనాలు పరీక్షించే ఒక ల్యాబులో చేరి ఎనిమిది నెలలైంది. ప్లాస్మాలోని ప్రొప్రనలాల్ మందును ఎస్‌పీఈ కార్ట్రిడ్జ్‌తో వేరుచేసి, మాస్ స్పెక్ట్రోమీటరుతో కొలిచే పద్ధతి నా చేతికి వచ్చింది. ఇంటర్నల్ స్టాండర్డ్‌గా అదే మందు డ్యుటీరియం రూపాన్ని మొదట్లోనే కలుపుతున్నాను కాబట్టి నిష్పత్తులు బాగానే ఉన్నాయి, కాలిబ్రేషన్ గీత కూడా తిన్నగానే వస్తోంది. అయితే శిఖరాలు మరీ చిన్నవి. అట్టడుగు స్టాండర్డ్ దగ్గర రొదలోంచి శిఖరాన్ని వెతుక్కోవలసి వస్తోంది.

నేను చేసేది ఇది. ఈడీటీఏ ప్లాస్మా 200 మైక్రోలీటర్లు, దానికి సమానంగా 4 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం. 30 మిల్లీగ్రాముల మిక్స్‌డ్ మోడ్ కాటయాన్ కార్ట్రిడ్జ్, పాలిమర్ రకం. ముందు 1 మిల్లీలీటరు మిథనాల్, తర్వాత 1 మిల్లీలీటరు నీళ్లు, ఆపైన నమూనా. 2 శాతం ఫార్మిక్ ఆమ్లం కలిపిన నీళ్లతో ఒక వాష్, మిథనాల్‌తో ఇంకో వాష్, రెండూ ఒక్కో మిల్లీలీటరు. చివరికి 5 శాతం అమోనియా కలిపిన మిథనాల్ 500 మైక్రోలీటర్లతో ఎల్యూషన్. 40 డిగ్రీల దగ్గర నైట్రోజన్‌తో ఆరబెట్టి మొబైల్ ఫేజ్‌లో కరిగిస్తున్నాను. అదే గాఢతలో నేరుగా చేసిన ద్రావణంతో పోలిస్తే వైశాల్యం సగటున 42 శాతం. ఆరు నమూనాల్లో ఒకటి 31, మరొకటి 55. తప్పు ఎక్కడుంది?

పాతకాపు
అమ్మాయీ, ఇందులో వెతకడానికి ఏమీ లేదు. నీళ్లు పోశాక కార్ట్రిడ్జ్ ఆరిపోయి ఉంటుంది. నమూనా పోసేదాకా పైన ఒక పలుచని నీటి పొర నిలిచి ఉండాలి. వ్యాక్యూమ్ తెరిచిపెట్టి ఫోను మాట్లాడే పిల్లలను నేను చాలామందిని చూశాను. ఆరిపోయిన చోట్ల నుంచి మందు జారిపోతుంది. ఒకదానికి 31, ఒకదానికి 55 రావడమే అందుకు గుర్తు.

విశాఖ విద్యార్థి
కండిషనింగ్ సమస్య నాకూ వచ్చింది అండీ. మొబైల్ ఫేజ్ రాత్రంతా నడిపితే ఉదయానికి బేస్‌లైన్ స్థిరపడింది. ప్రయత్నించి చూడండి.

సంపంగి
తమ్ముడూ, మీరు చెబుతున్నది క్రొమటోగ్రఫీ కాలమ్ సంగతి. నా గొడవ దానికంటే ముందు వచ్చే చిన్న కార్ట్రిడ్జ్‌తో.

విశాఖ విద్యార్థి
అయ్యో, క్షమించండి. ఇకపై చదువుతూ ఉంటాను.

నిమ్మగడ్డి
పాతకాపు గారి మాట సిలికా మీద కట్టిన సీ18 విషయంలో అక్షరాలా నిజం. దాని మీదున్న కార్బన్ గొలుసులకు నీళ్లు గిట్టవు. మిథనాల్ తడి పోతే రంధ్రాల్లోకి నమూనా వెళ్లదు. సంపంగి గారిది నీళ్లతో తడిసే పాలిమర్, కాస్త ఆరినా అంతగా పట్టించుకోదు. సగం మందు పోవడానికి అదొక్కటే కారణమని నేను అనుకోవడం లేదు.

అసలు ముందు మీ 42 శాతాన్నే నమ్మకూడదు. ప్లాస్మా ఊసే లేని ద్రావణంతో పోల్చారు కాబట్టి అందులో రెండు నష్టాలు కలిసిపోయాయి. మందు కార్ట్రిడ్జ్ దగ్గర పోయి ఉండవచ్చు. లేదా మందు అంతా వచ్చినా, దానితోపాటు వచ్చిన ఫాస్ఫోలిపిడ్లు మాస్ స్పెక్ట్రోమీటరులో అయనీకరణాన్ని అణిచి ఉండవచ్చు. ఖాళీ ప్లాస్మాను మొత్తం పద్ధతిలో నడిపి, ఆరబెట్టిన తర్వాత ఆ మడ్డిలో మందు కలిపి కరిగించండి. దాన్ని నేరుగా చేసిన ద్రావణంతో పోలిస్తే అణచివేత ఎంతో తెలుస్తుంది. మీ మామూలు నమూనాను దానితో పోలిస్తే అసలు రికవరీ తెలుస్తుంది. ఈ లెక్కకు ఇంటర్నల్ స్టాండర్డ్‌తో భాగించకండి, మందు వైశాల్యాన్నే చూడండి. మొదట్లో కలిపినది మందుతోపాటే పోతుంది. పోయిన సంగతిని అదే దాచిపెడుతుంది.

గోదారిగట్టు
ఇదే కార్ట్రిడ్జ్‌తో, ఇదే వరుసలో డైక్లోఫెనాక్ చేస్తే నాకు సగం కాదు, సున్నా వచ్చింది. ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు. కార్ట్రిడ్జ్ పెట్టే పాడైందని పక్కన పడేశాను.

నిమ్మగడ్డి
పాపం, పెట్టె తప్పేమీ లేదు. ఈ కార్ట్రిడ్జ్ పట్టుకునేది ధనావేశం ఉన్నవాటిని. ప్రొప్రనలాల్ క్షారం, పీకేఏ 9.5 దగ్గర. ఆమ్లంలో దాదాపు ప్రతి అణువూ ధనావేశంతో ఉంటుంది, సల్ఫోనిక్ గుంపుకు అంటుకుంటుంది. అప్పుడు మిథనాల్ పోసినా కదలదు. డైక్లోఫెనాక్ ఆమ్లం. ఆమ్ల ద్రావణంలో దానికి ఆవేశం లేదు, కేవలం కొవ్వు స్వభావం వల్ల పాలిమర్‌కు అతుక్కుని ఉంటుంది. మిథనాల్ వాష్‌తో మొత్తం కొట్టుకుపోయింది. ఆ వాష్‌ను సింకులో పారబోసి ఉంటారు, మీ మందు అందులోనే ఉంది. దానికి యానయాన్ మార్పిడి రకం తీసుకుని ఆమ్లం, క్షారం వరుస తిరగేయండి.

గోదారిగట్టు
పారబోసిన మాట నిజమే. రెండు వారాలు పారబోశాను.

సంపంగి
నిమ్మగడ్డి గారూ, చేశాను. నేరుగా చేసిన ద్రావణాన్ని 100 అనుకుంటే, మడ్డిలో తర్వాత కలిపినది 95, మొదటి నుంచి తీసినది 42. అంటే అణచివేత ఐదు శాతమే, రికవరీ 44. మందు నిజంగానే ఎక్కడో పోతోంది.

నిమ్మగడ్డి
అయితే ఇక ఏదీ పారబోయకండి. ఒక నమూనా తీసుకుని కార్ట్రిడ్జ్ కింద ప్రతి దశకూ కొత్త గొట్టం పెట్టండి. లోడ్ చేసినప్పుడు కిందకి దిగినది, ఆమ్ల వాష్, మిథనాల్ వాష్, ఎల్యూషన్, అన్నీ విడివిడిగా పట్టండి. ఆఖరున అప్పుడే కలిపిన అమోనియా మిథనాల్‌తో రెండోసారి ఎల్యూట్ చేసి దాన్నీ పట్టండి. అన్నిటినీ ఒకేలా ఆరబెట్టి కరిగించండి. ఈసారి మాత్రం ఇంటర్నల్ స్టాండర్డ్‌ను చివర్లో, ఇంజెక్షన్‌కు ముందు కలపండి. లోడ్ చేసినప్పుడు దిగినదాంట్లో ప్లాస్మా సరుకు మొత్తం ఉంటుంది, అణచివేత ఒక్కో గొట్టంలో ఒక్కోలా ఉంటుంది. చివర్లో కలిపిన స్టాండర్డ్ ఆ తేడాను సరిచేస్తుంది.

మందు మొదటి గొట్టంలో కనిపిస్తే, వేగంగా లాగారనో, ప్రోటీను దాన్ని వదలలేదనో అర్థం. ప్రొప్రనలాల్ ప్లాస్మాలో సుమారు 90 శాతం ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది. మీరు కలిపే ఫాస్ఫారిక్ ఆమ్లం చేసే పనుల్లో ఆ పట్టు విడిపించడం ఒకటి. మిథనాల్ వాష్‌లో కనిపిస్తే ఆమ్లం చాలలేదు. రెండో ఎల్యూషన్‌లో కనిపిస్తే కార్ట్రిడ్జ్ ఇంకా దాన్ని పట్టుకునే ఉంది.

పాతకాపు
మొదటి గొట్టంలోనే ఉంటుంది. చూస్తూ ఉండండి.

సంపంగి
వేసిన మందులో శాతాలు: లోడ్ చేసినప్పుడు దిగినదాంట్లో 2, ఆమ్ల వాష్‌లో ఏమీ లేదు, మిథనాల్ వాష్‌లో 4, ఎల్యూషన్‌లో 44, రెండో ఎల్యూషన్‌లో 43. మొత్తం 93. ఆరబెట్టడంలోనూ పెద్దగా పోవడం లేదని దీన్నిబట్టి అనుకుంటున్నాను.

నిమ్మగడ్డి
సరిగ్గా అనుకున్నారు. మందు కార్ట్రిడ్జ్‌లోనే కూర్చుని ఉంది. మీ 5 శాతం అమోనియా మిథనాల్ ఎప్పుడు కలిపినది?

సంపంగి
సీసా మీద తేదీ చూశాను. పదిహేడు రోజులైంది. లీటరు సీసా, అందరూ వాడతారు. రోజుకు ఎన్నిసార్లు మూత తీస్తారో చెప్పలేను. కానీ వాసన ఇప్పటికీ ఘాటుగానే వస్తోంది.

నిమ్మగడ్డి
ముక్కును నమ్మకండి. సీసాలో కొద్దిపాటి అమోనియా మిగిలినా ముక్కు అదిరిపోతుంది. మూత తీసిన ప్రతిసారీ కొంత వాయువు పోతుంది. పైగా ఆమ్ల వాష్ తర్వాత కార్ట్రిడ్జ్ ఆమ్ల రూపంలో ఉంటుంది. మీరు పోసే అమోనియాలో మొదటి వాటా ఆ ఆమ్లాన్ని చల్లార్చడానికే ఖర్చవుతుంది. మిగిలినదే మందు ఆవేశాన్ని తీసి వదిలించాలి. కలిపినప్పటి బలం ఉంటే రెండు పనులకూ బాగా సరిపోతుంది. బలం తగ్గితే కొన్ని కార్ట్రిడ్జ్‌లకు సరిపోతుంది, కొన్నింటికి చాలదు. మీ 31కీ 55కీ తేడా ఇదేనని నా అనుమానం.

అనుమానమే అంటున్నాను, ఎందుకంటే రెండో ఎల్యూషన్‌లో రెండు మార్పులు కలిశాయి. ద్రావణం తాజాది, పైగా పరిమాణమూ పెరిగింది. మీరు 500 మైక్రోలీటర్లను ఒకేసారి పోసి ఎంత వేగంగా లాగుతున్నారో కూడా చెప్పలేదు. రెంటినీ విడదీసి చూడండి.

సంపంగి
పాజిటివ్ ప్రెషర్ పరికరం మీద చేస్తాను. నిజం చెప్పాలంటే ఎల్యూషన్ పది సెకన్లలో అయిపోతుంది.

రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. ఒక్కోదానికి ఆరు నమూనాలు చేశాను. పాత సీసానే వాడి, 250 చొప్పున రెండుసార్లు పోసి, ప్రతిసారీ ఒక నిమిషం నాననిచ్చి, చుక్కచుక్కగా దింపితే రికవరీ 57. కొత్త ద్రావణాన్ని పాత అలవాటు ప్రకారం ఒకే దెబ్బకు లాగితే 78. కొత్త ద్రావణం, రెండుసార్లు, నిదానంగా చేస్తే 90. ఈ చివరి ఆరింటిలో కనిష్ఠం 87, గరిష్ఠం 93. ఇప్పుడు చిన్న సీసాలో ఏ రోజుకు ఆ రోజు కలుపుకుంటున్నాను. అట్టడుగు స్టాండర్డ్ శిఖరం వెతక్కుండానే కనిపిస్తోంది.

పాతకాపు
సరే, ఈసారికి ఓడిపోయాను. అయినా పొర ఆరనివ్వవద్దనే మాట వెనక్కి తీసుకోను. రేపు ఆ చేత్తోనే సీ18 పట్టుకుంటారు.

మీగడతరక
ఆలస్యంగా వచ్చాను. పాలిమర్ ఆరినా ఫరవాలేదన్నారు కదా, అసలు కండిషనింగే ఎందుకు? నీళ్లతో తడిసే సార్బెంట్ మీద మేము మిథనాల్, నీళ్లు రెండూ మానేసి నేరుగా ఆమ్లం కలిపిన ప్లాస్మా పోస్తున్నాం. ఏడాదిగా రికవరీ తగ్గలేదు. తొంభై ఆరు గుంటల ప్లేటుకు దాదాపు పావుగంట మిగులుతోంది.

నిమ్మగడ్డి
కొన్ని రకాలను తయారీదారులే అలా వాడవచ్చని అంటారు. నేను మాత్రం మానను. ఆ మిథనాల్ తడపడమే కాదు, సార్బెంట్‌లో మిగిలిపోయిన తయారీ సరుకునూ కడుగుతుంది. ఒక ఖాళీ కార్ట్రిడ్జ్‌ను కండిషన్ చేసి, మరొకదాన్ని చేయకుండా ఎల్యూట్ చేసి, రెండు క్రొమటోగ్రాములనూ పక్కపక్కన పెట్టి చూశారా?

మీగడతరక
మా మందు బయటికి వచ్చే సమయంలో ఏమీ లేదు. మిగతా చోట్ల చూడలేదు.

నిమ్మగడ్డి
మిగతా చోట్ల ఉన్నదే నాలుగు వందల ఇంజెక్షన్ల తర్వాత సోర్సు మీద పేరుకుంటుందని నా భయం.

మీగడతరక
మా సోర్సు నెలకోసారే తుడుస్తాం. మీది?

సంపంగి
మీ ఇద్దరి వాదన మధ్యలో ఒక ప్రశ్న. నిన్నటి సెట్టులో మూడు నమూనాలు కార్ట్రిడ్జ్‌లో దిగనే లేదు, ఎంత ఒత్తిడి పెట్టినా. మూడూ ఫ్రీజరు నుంచి రెండోసారి బయటికి తీసినవి.

పాతకాపు
ఇది మాత్రం నాకు తెలుసు. కరిగాక ఫైబ్రిన్ దారాలు కడతాయి. ఆమ్లం కలిపాక సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి, పిపెట్ కొన అడుగుకు తగలకుండా పైన తేరినదే తీసి పోయాలి. బిగుసుకున్నదాని మీద ఒత్తిడి పెంచకు. ఒక్కసారిగా దారి తెరుచుకుంటే నమూనా సర్రున జారిపోతుంది, నేను మొదటిరోజు చెప్పిన మొదటి గొట్టంలో తేలుతుంది.

సంపంగి
ఆ మూడింటి మొదటి గొట్టాలు పారబోయలేదు. రేపు ఇంజెక్ట్ చేసి చెబుతాను.