కాటు, గాటు, ఘాటు: స్పెక్ట్రోగ్రాంలో ఏది ఏదో ఎలా గుర్తించాలి?

శారద: మా నాన్నగారి చేత ‘కాటు’, ‘గాటు’, ‘ఘాటు’ అనే మూడు మాటలను విడివిడిగా, మధ్యలో కాస్త ఆగుతూ, ఒక్కొక్కటి అయిదేసి సార్లు పలికించి రికార్డు చేశాను. తరవాత ఏ ఫైలులో ఏ మాట ఉందో కనపడకుండా పేర్లు మార్చి, ధ్వనిని విశ్లేషించే ప్రాట్ అనే ప్రోగ్రాంలో స్పెక్ట్రోగ్రాంలను, అంటే ధ్వనిని బొమ్మగా చూపే పటాలను మాత్రమే చూస్తూ గుర్తుపట్టడానికి ప్రయత్నించాను. ‘కాటు’ వెంటనే తెలిసిపోయింది. నాలుక విడివడిన చోట సన్నని నిలువు గీత ఉంది, అక్కడి నుంచి సుమారు 26 మిల్లీసెకన్ల తరవాత కంఠనాదం మొదలయింది. మిగిలిన రెండింటిలోనూ ఆ గీతకు ముందే అడుగున నల్లని పట్టీ కనిపిస్తున్నది. నాలుక విడివడిన క్షణం నుంచి కంఠనాదం మొదలయ్యే వరకు పట్టే సమయాన్ని, అంటే వి.ఓ.టి.ని కొలిస్తే ఒక దానికి −95, మరొక దానికి −88 మిల్లీసెకన్లు వచ్చింది. ఈ అంకెలను బట్టి గాటు ఏదో ఘాటు ఏదో చెప్పలేకపోయాను. నేను చూడవలసినది మరేదైనా ఉన్నదా?

వెంకటరమణ: మీరు కొలవడం మొదలుపెట్టిన చోటే పొరపాటు ఉందని నాకు అనిపిస్తున్నది. మహాప్రాణం అంటే వి.ఓ.టి. ఎక్కువగా ఉండడమే. ‘ఖాళీ’ అని పలికి చూడండి, విడుదలకూ నాదానికీ మధ్య 80 మిల్లీసెకన్ల దాకా గాలి చప్పుడు ఉంటుంది. ‘ఘ’కూ అలాగే పెద్ద ధన సంఖ్య రావాలి.

నరసింహం: మా వైపు రెండింటినీ గాటు అనే అంటారు. మిరపకాయ గాటు, చెట్టుకు పెట్టిన గాటు. అచ్చతెలుగుకు చిన్నయసూరి చెప్పిన 36 వర్ణాలలో ఖ, ఘ వంటి వర్గయుక్కులు లేనే లేవు కదా. అలాంటప్పుడు ఒత్తు పెట్టి రాయడం సరైనదేనా అన్నది తేల్చాలి.

సుభద్ర: నరసింహంగారూ, శారదగారు అడుగుతున్నది వర్ణక్రమం గురించి కాదు, పలికిన ధ్వని గురించి. అయినా మీరు చెప్పిన మాట దీనికి పనికివస్తుంది, చివర మళ్లీ దానికే వస్తాను.

వెంకటరమణగారూ, ‘ఖ’ విషయంలో మీరు చెప్పినది సరైనదే. ‘ఘ’ విషయంలో అది నిలవదు. వి.ఓ.టి.లో సున్న అంటే గాలిని ఆపిన నాలుక మూత విడివడిన క్షణం. ‘క’, ‘ఖ’లలో నాదం ఆ క్షణం తరవాత మొదలవుతుంది కాబట్టి ఎంత ఆలస్యమయిందో కొలిస్తే రెండూ విడిపోతాయి. ‘గ’, ‘ఘ’లు రెండింటిలోనూ స్వరతంత్రులు మూత విడివడక ముందే కదలడం మొదలుపెడతాయి కాబట్టి రెండింటికీ ఋణ సంఖ్యే వస్తుంది. లిస్కర్, అబ్రమ్‌సన్ అనే ధ్వనిశాస్త్రజ్ఞులు 1964లో పదకొండు భాషలలో క, గ వంటి స్పర్శాలను ఈ కొలతతో పోల్చినప్పుడు, నాలుగేసి వరసలున్న హిందీ, మరాఠీలలో ఇదే ఇబ్బంది ఎదురయింది. ‘గ’ వరసనూ ‘ఘ’ వరసనూ ఆ ఒక్క అంకె విడదీయలేదు. కాబట్టి శారదగారి కొలతలో తప్పు లేదు. ఆ తేడా ఉన్నది కొలిచిన చోట కాదు, విడుదలకు తరవాతి భాగంలో.

‘ఘ’లో విడుదల తరవాత కూడా స్వరతంత్రులు కదులుతూనే ఉంటాయి, కాని పూర్తిగా దగ్గరకు రావు. ఆ సందులోంచి గాలి కూడా వెళ్తుంది. అందువల్ల అడుగున నాదం గీతలు కొనసాగుతూనే ఉన్నా, పైన ఉండవలసిన రెండవ, మూడవ ఫార్మంట్లు, అంటే నోటి ఆకారాన్ని బట్టి ధ్వని బలంగా ఉండే పట్టీలు, మసకగా, చుక్కలు చల్లినట్టుగా ఉంటాయి. ‘గ’లో అయితే విడుదల అయిన 20, 30 మిల్లీసెకన్లకే ‘ఆ’కారపు ఫార్మంట్లు ముదురుగా, స్పష్టమైన నిలువు చారలతో నిలబడతాయి. విడుదల గీత నుంచి రెండవ ఫార్మంటు స్పష్టపడే చోటు వరకు కొలిచి చూడండి. ఆ చోటు నిర్ణయించడంలో కంటి లెక్క కొంత తప్పదు కాబట్టి అన్ని ఫైళ్లకూ ఒకే విధంగా, పేర్లు చూడకుండా గుర్తు పెట్టండి.

కృష్ణవేణి: మేము టెక్సాస్‌లో ఉంటాము. మా ఏడేళ్ల అమ్మాయి ‘పాలు’ అంటే నాకు ‘ఫాలు’ అన్నట్టు వినిపిస్తుంది, ‘బావ’ అంటే మా అత్తగారు ‘పావ’ అంటున్నది అంటారు. ఇది కూడా దీనివల్లేనా, లేక పలకడంలో ఏదైనా లోపమా?

సుభద్ర: కృష్ణవేణిగారూ, మీరు చెప్పినంత వరకు అది ఇంగ్లీషు అలవాటులా కనిపిస్తున్నది. ఇంగ్లీషులో మాట మొదటి ‘ప’కారానికి గాలి చేరుతుంది, ‘బ’కారానికి చాలామంది నాదాన్ని ముందుగా మొదలుపెట్టరు. అందువల్ల ఆ ‘బ’ వి.ఓ.టి. మన ‘ప’ వి.ఓ.టి. ఉండే చోటే పడుతుంది. అత్తగారి చెవి సరిగానే పట్టింది. రికార్డు చేసి ‘బావ’లో విడుదలకు ముందు నల్లని పట్టీ ఉన్నదో లేదో చూస్తే తెలుస్తుంది. అయితే ఫోనులో శబ్దాన్ని శుభ్రం చేసే ఏర్పాటు ఉంటే అది ఆ బలహీనమైన పట్టీనే తుడిచివేయవచ్చు. దానిని ఆపి రికార్డు చేయండి.

శారద: మళ్లీ కొలిచాను. మధ్యలో రెండు ఇబ్బందులు వచ్చాయి. ఒక ‘కాటు’ ఫైలులో కూడా విడుదలకు ముందు అడుగున పట్టీ కనిపించి నన్ను తికమక పెట్టింది. ఇంకొకటి, చివరి ‘ఉ’కారానికి మొదటి ఫార్మంటు 400 హెర్ట్‌జ్ దగ్గర ఉండగా, రెండవది ఏకంగా 2400 దగ్గర చూపిస్తున్నది. ‘ఉ’కు అది ఉండవలసిన చోటు కాదు కదా.

సుభద్ర: మొదటి దానికి, మాట మొదలుకాక ముందున్న మౌనాన్ని చూడండి. అక్కడ కూడా అదే పట్టీ అదే ఎత్తులో సాగుతుంటే అది కరెంటు 50 హెర్ట్‌జ్ గుయ్‌మనే చప్పుడు. నాదపు పట్టీ మాటకు దగ్గరగా మొదలవుతుంది, దాని ఎత్తు గొంతు స్థాయిని అనుసరిస్తుంది.

రెండవది యంత్రం చేసిన పొరపాటు. ‘ఉ’లో మొదటి రెండు ఫార్మంట్లూ కిందనే, దగ్గరదగ్గరగా ఉంటాయి. ప్రాట్ ఫార్మంట్లను వెదికే పై హద్దు, అంటే Formant ceiling, 5500 దగ్గర ఉంటే అది స్త్రీల గొంతుకు తగిన అమరిక, మీ నాన్నగారి గొంతుకు 5000 పెట్టండి. లేకపోతే ఆ రెండింటినీ ఒకటిగా కలిపి, మూడవ దానిని రెండవదిగా చూపిస్తుంది. ఫార్మంట్లను చూపడానికి ప్రాట్ వేసే ఎర్ర చుక్కల కంటే వెనకనున్న నలుపునే ముందు నమ్మండి. ‘ఆ’ చివర మూడవ ఫార్మంటు కిందికి వంగిందేమో కూడా చూడండి, నాలుక మడిచే ‘ట’కారం రాబోతున్నదని చెప్పే గుర్తు అది.

శారద: అమరిక మార్చగానే ‘ఉ’ రెండవ ఫార్మంటు 900 దగ్గరకు దిగింది. పట్టీ ఫ్యాను చప్పుడే, మాటకు అరసెకను ముందు నుంచీ ఉంది. ‘ట’ ముందు వంపు చాలా వాటిలో కనిపించింది, రెండింటిలో మాత్రం నాకు తెలియలేదు.

ఇక అసలు విషయం. ‘గాటు’లలో విడుదల నుంచి రెండవ ఫార్మంటు స్పష్టపడే వరకు 20 నుంచి 30 మిల్లీసెకన్లు వచ్చింది. ‘ఘాటు’ అయిదింటిలో మొదటి రెండింటికి 65, 70 వచ్చింది. మిగిలిన మూడింటికి 25 దగ్గరే, అంటే అవి ‘గాటు’లతో కలిసిపోయాయి.

నరసింహం: నేను మొదట చెప్పినది ఇదే కదా.

సుభద్ర: అందుకే మీ మాటకు మళ్లీ వస్తానన్నాను. అయితే మొదటి రెండూ ఎందుకు వేరుగా వచ్చాయన్నది మిగిలి ఉంది. శారదగారూ, నాన్నగారు ఆ మాటలను కాగితం మీద చూసి చదివారా?

శారద: అవును, చదివారు. మొదటి రెండు సార్లు అక్షరం చూసి ఒత్తి పలికారేమో తెలియదు.

వెంకటరమణ: అలా అయితే చదివిన రికార్డుతో తేల్చలేము. వంట గురించి ఆయనను మాట్లాడించి, ఆ మాట మధ్యలో దొర్లినప్పుడు పట్టుకోవాలి.

సుభద్ర: పట్టుకోవచ్చు. కాని అప్పుడు ఆ మాటకు ముందు అచ్చు ఉంటుంది, దాని నాదం మూతలోకి సాగి వస్తుంది కాబట్టి విడుదలకు ముందున్న పట్టీని ఇప్పటి అంకెలతో పోల్చకూడదు. విడుదల తరవాతి భాగాన్నే పోల్చండి. ‘గాటు’ కూడా అలాంటి మాటల మధ్యలోనే దొరకాలి.

శారద: ఆదివారం ఊరగాయ పెట్టే పని ఉంది. కారం గురించీ, మామిడికాయలకు పెట్టే గాట్ల గురించీ అడుగుతాను, ఫ్యాను ఆపి.