నాన్నగారి సంక్రాంతి సందేశం: కత్తిరించాలా, వదిలేయాలా?

కొబ్బరాకు:
మా నాన్నగారు కోనసీమలో ఉంటారు, రిటైర్డ్ టీచర్. ఏటా బంధువుల వాట్సాప్ గ్రూపులో పండుగ సందేశం పెడతారు. కింది వరకూ ఎవరూ చదవడం లేదని ఈసారి ఆయనే గమనించి, "నాలుగు లైన్లకు కుదించమ్మా, కానీ ముక్తసరిగా ఉండకూడదు" అన్నారు. అసలు ముట్టుకోకూడదని మా అన్నయ్య వాదన. మీరేమంటారు? సందేశం ఇదీ:

> భోగభాగ్యాల భోగి, సరదాల సంక్రాంతి, కమనీయమైన కనుమ పర్వదినాల శుభ సందర్భంగా మీకు, మీ కుటుంబ సభ్యులకు, బంధుమిత్రులకు, శ్రేయోభిలాషులకు పేరుపేరునా నా హృదయపూర్వక శుభాకాంక్షలు. సూర్యభగవానుడు మకరరాశిలో ప్రవేశించు ఈ పుణ్యకాలమున మీ ఇంట ఆయురారోగ్య అష్టైశ్వర్యాలు, సుఖసంతోషాలు వెల్లివిరియాలని ఆ భగవంతుని మనసారా ప్రార్థిస్తున్నాను. పండుగలు మన సంస్కృతికి పట్టుగొమ్మలు. నేటి తరానికి వీటి విలువ తెలియజేయవలసిన బాధ్యత మనందరిపైనా ఉంది. వర్షాలకు కూలిన మన వీధరుగు మళ్లీ కట్టించాను, పాత కొలతల్లోనే. మీ అత్తయ్య పదో తారీఖున అరిసెల పాకం పడుతుంది. కనుమనాడు కాకైనా కదలదంటారు, కాబట్టి ముక్కనుమ దాకా ఉండేలా రావాలి. జగ్గన్నతోట ప్రభలకు అందరం కలిసే వెళదాం. కిందటి సంక్రాంతికి మనతో ఉన్న అక్కయ్య ఈసారి లేదు, ఆ లోటు అందరికీ తెలిసినదే. ఇందులో తప్పులున్న మన్నించగలరు. ఇట్లు, మీ శ్రేయోభిలాషి.

సూటిగా:
ఇందులో సమాచారం ఎంత? భోగభాగ్యాలు, అష్టైశ్వర్యాలు, పట్టుగొమ్మలు అన్నీ ఊకదంపుడు. విశేషణాలన్నీ తీసేస్తే సరి:

> సంక్రాంతి శుభాకాంక్షలు. అరుగు కట్టించాం. పదిన అరిసెలు. కనుమకు ప్రభల తీర్థం. ముక్కనుమ వరకు అందరూ రావాలి.

ఐదే వాక్యాలు. పది సెకన్లలో చదివేస్తారు.

పిన్నిగారు:
చదివేస్తారు, రారు. ఇది పండుగ పిలుపులా ఉందా, అపార్ట్‌మెంట్‌లో వాటర్ ట్యాంకు కడుగుతున్నాం అన్న నోటీసులా ఉందా? నేనైతే ముట్టుకోవద్దనే అంటాను. పెద్దాయన రాసుకున్నది పెద్దాయనలాగే ఉండాలి. అయినా ఉత్తరాల రోజుల్లో ఎంతెంత రాసేవాళ్లం! "ఇక్కడ మేమంతా క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" అనకుండా అసలు విషయంలోకి ఎవరైనా వెళ్లారా?

పాత డెస్క్:
చాలా ఏళ్లు పత్రిక డెస్కులో ఇతరుల వాక్యాలు కోసిన చేతులు ఇవి, కాబట్టి కొంచెం చెబుతాను.

సూటిగా గారు తీసేసినవాటిలో సగం తీయాల్సినవే. కానీ విశేషణాలతో పాటు మనిషినీ తీసేశారు. "పాత కొలతల్లోనే" అన్నది ఎగిరిపోయింది చూడండి. ఆ సందేశం మొత్తానికి ప్రాణం అక్కడుంది. అరుగు కట్టించాం అంటే సిమెంటు పని. పాత కొలతల్లోనే కట్టించాను అంటే, చిన్నప్పుడు మీరంతా వరసగా పడుకున్న చోటు అలాగే ఉంది, వచ్చి చూసుకోండి అని. ఆయన ఆ మాట నోరు తెరిచి చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

నేను చేసే పని ఇదీ. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, కింద ఇంకెవరి పేరు పెట్టినా ఇది చెల్లుతుందా అని చూస్తాను. మొదటి రెండు వాక్యాల కింద మీ సర్పంచి పేరు పెట్టినా, బంగారం కొట్టు పేరు పెట్టినా చెల్లుతుంది. సంస్కృతి, బాధ్యత అన్న వాక్యాలూ అంతే. అరుగు, పాకం, కాకి, ప్రభలు మాత్రం మీ నాన్నగారు తప్ప ఇంకెవరూ రాయలేరు. అవి సందేశం మధ్యలో పాతుకుపోయి ఉన్నాయి. ఫోన్ మీద నోటిఫికేషన్‌లో కనిపించేది మొదటి లైనే కదా, అక్కడ "భోగభాగ్యాల భోగి" కనబడగానే ఇదేదో ఫార్వర్డ్ అనుకుని వదిలేస్తారు. అందుకని అరుగును పైకి తెస్తాను:

> వర్షాలకు కూలిన మన వీధరుగు మళ్లీ కట్టించాను, పాత కొలతల్లోనే.
> పదో తారీఖున అరిసెల పాకం. కనుమనాడు కాకైనా కదలదంటారు, ముక్కనుమ దాకా ఉండేలా రండి.
> జగ్గన్నతోట ప్రభలకు అందరం కలిసే వెళదాం.
> పెద్దలకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.

చివరి లైనులో నమస్కారాలు, ఆశీస్సులు తప్ప ఒక్క కొత్త మాట కూడా నేను చేర్చలేదు. "రావాలి"ని "రండి" చేశాను. పొడుగు సందేశంలో "రావాలి" అంటే చుట్టూ ఉన్న మర్యాద మాటల వల్ల మెత్తగానే వినబడుతుంది. ఆ మాటలు పోయాక అదే "రావాలి" హెడ్మాస్టరు హుకుంలా ఉంటుంది. కుదించేటప్పుడు ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పైన కోసేస్తారు, క్రియను సరిచూసుకోరు.

పిన్నిగారూ, ఉత్తరాలన్నీ పొడుగువి కావండీ. పోస్టుకార్డులో చోటెక్కడిది? "నమస్కరించి వ్రాయునది", "ఆశీర్వదించి వ్రాయునది" అని వరస తేల్చేసి, నేరుగా విషయంలో పడేవాళ్లు.

చీరల కొట్టు:
మాదీ ఇదే బాధండీ. పండక్కి కస్టమర్లకు ఎస్సెమ్మెస్ పంపుతాం. తెలుగులో పంపితే 70 అక్షరాలకే ఒక మెసేజ్ అయిపోతుంది. అదే ఇంగ్లీషు లిపిలో అయితే 160. పైగా గుణింతం, ఒత్తు, సున్నా, ఖాళీ అన్నీ విడివిడిగా లెక్కే. "సంక్రాంతి శుభాకాంక్షలు" అన్న రెండు మాటలకే 22 పోతాయి. 70 దాటితే ముక్కకు 67 చొప్పున రెండు మెసేజ్‌ల బిల్లు. అందుకని "హృదయపూర్వక" అనేది నేను ఎప్పుడో తీసి పారేశాను. మీరు కూడా అక్షరాలు లెక్కపెట్టుకోండి.

కొబ్బరాకు:
చీరల కొట్టు గారూ, మాది వాట్సాప్ గ్రూపండీ, బిల్లు సమస్య లేదు :)

పాత డెస్క్ గారూ, మీది నాన్నకు చదివి వినిపించాను. అరుగు పైకి రావడం బాగా నచ్చింది. కానీ "ఆయురారోగ్యాలు ఎక్కడమ్మా?" అన్నారు. అది లేకపోతే పెద్దవాడు దీవించకుండా ఫోన్ పెట్టేసినట్టు ఉంటుందట.

పాత డెస్క్:
ఆయన మాట నిజం. నా పరీక్ష అక్కడ సరిపోదు. అదే మాట మీరో నేనో రాస్తే అచ్చు పోసిన మాట. డెబ్బై ఏళ్లాయన మేనల్లుళ్లకు రాస్తే దీవెన. దీవెనకు కొత్తదనం అక్కర్లేదు, పెద్ద నోటి నుంచి రావడమే కావాలి. అయితే ఆయురారోగ్యం, అష్టైశ్వర్యం, సుఖసంతోషం మూడూ ఎందుకు? ఆయన ఎదురుగా కాళ్లకు దణ్ణం పెడితే ఏమంటారో అదే రాయండి. మీకే తెలియాలి అది.

కొబ్బరాకు:
"చల్లగా ఉండండి" అంటారు. అంతే.

పాత డెస్క్:
అయితే చివరి లైను: "పెద్దలకు నమస్కారాలు. పిల్లలంతా ఆయురారోగ్యాలతో చల్లగా ఉండండి. అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు." ఇంకేమీ వద్దు.

పిన్నిగారు:
ఇప్పుడు కాస్త నచ్చింది. కానీ శుభాకాంక్షలు చివర్లో ఏమిటి? శుభం ముందు పలకాలి. కూలిన అరుగుతో పండుగ సందేశం మొదలుపెడతారా ఎవరైనా!

సూటిగా:
ఈ విషయంలో పిన్నిగారితో ఏకీభవిస్తున్నాను. "కూలిన" అన్నది మొదటి లైనులో బాగాలేదు. "మన వీధరుగు మళ్లీ కట్టించాను, పాత కొలతల్లోనే" అంటే చాలు. ఎందుకు కట్టించారో వచ్చాక చెబుతారు.

పాత డెస్క్:
ఈ కోత నాకు తట్టాల్సింది. తీసేయండి. శుభాకాంక్షలు మాత్రం చివరే ఉంచుతాను, పిన్నిగారు కోప్పడినా సరే.

ఊరెళ్లేవాడు:
అందరూ వాక్యాల గురించే మాట్లాడుతున్నారు. సందేశం ఎప్పుడు పంపుతున్నారు? భోగి ముందు వారంలో "ముక్కనుమ దాకా ఉండండి" అంటే ఏం లాభం? రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, హైదరాబాద్ నుంచి మా వైపు బండ్లకు పండుగ రోజుల టికెట్లు క్షణాల్లో అయిపోతాయి. తిరుగు టికెట్ కనుమ రాత్రికి కొనుక్కున్నవాడు కాకి సామెత చదివి ఏం చేస్తాడు, బాధపడతాడు. మా పెదనాన్న ఏటా అంతే, సంక్రాంతి ముందురోజు పిలుస్తాడు.

కొబ్బరాకు:
ఇది మాకు తట్టనే లేదు. పిలుపు వేరుగా నవంబర్‌లోనే పెట్టేసి, పండుగనాడు శుభాకాంక్షలు వేరే పెట్టొచ్చేమో.

పాత డెస్క్:
పెట్టొచ్చు. అప్పుడు పండుగనాటిది ఇంకా చిన్నదవుతుంది. అసలు ఆ పొడుగుకు సగం కారణం ఇదే. పిలుపు, దీవెన, ఉపన్యాసం, సంతాపం నాలుగూ ఒకే కాగితంలో పెట్టారు.

పిన్నిగారు:
సంతాపం అన్నారు కాబట్టి అడుగుతున్నా. అక్కయ్యగారి మాట మీరు చల్లగా తీసేశారేం? ఆవిడ పిల్లలు ఆ గ్రూపులో ఉంటారు కదా. మేనమామ మా అమ్మను తలుచుకోనేలేదే అనుకోరూ?

పాత డెస్క్:
తేలిగ్గా తీయలేదు. ఏడాది తిరగని ఇంట్లో పండుగ చేసుకోరు. వాళ్లకు అందరితో కలిపి శుభాకాంక్షలు పంపడమే ఇబ్బంది, దాని పక్కనే లోటు గురించి ఒక వాక్యం పెడితే ఇంకా ఇబ్బంది. "అందరికీ తెలిసినదే" అన్న తోక కూడా ఉందక్కడ, అది ఆవిడను ఒక అంశంగా మార్చేస్తోంది. మేనల్లుళ్లకు ఆయనే ఫోన్ చేయడం మేలని నా ఉద్దేశం.

పిన్నిగారు:
నేను ఒప్పుకోను. ఫోన్ చేయాల్సిందే, కానీ గ్రూపులో పదిమంది ముందు ఆవిడ పేరు రావడం వేరు. తోక తీసేయండి. "అక్కయ్య లేని మొదటి సంక్రాంతి" అని నాలుగు మాటలు ఉంచండి. నాలుగు లైన్లు ఐదైతే కొంప మునగదు.

సూటిగా:
ఆ నాలుగు మాటలు ఉంటే మిగతావన్నీ వాటి వెనక్కి పోతాయి. అరిసెలు ఎవరికీ గుర్తుండవు.

కొబ్బరాకు:
నాన్ననే అడిగాను. "ఆ వాక్యం రాయడానికే మిగతాదంతా రాశానేమో" అన్నారు. ఇక దాన్ని తీసే ధైర్యం నాకు లేదు, అలాగని శుభాకాంక్షల పక్కన ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. అన్నయ్యేమో నవంబర్ పిలుపులో పెట్టమంటున్నాడు, ప్రభలకు అందరం కలిసి వెళదాం అన్న మాట తర్వాత. ఇంకో చిన్న పేచీ: గ్రూపులో బాబాయి పిల్లలకు మా అమ్మ పెద్దమ్మ అవుతుంది, తమ్ముళ్లకు వదిన, "మీ అత్తయ్య" అయ్యేది మేనల్లుళ్లకే. పాత డెస్క్ గారు అందుకే ఆ మాట తీశారనుకుంటా. నాన్న మాత్రం అదొక్కటీ తిరిగి పెట్టించారు.

ఊరెళ్లేవాడు:
మేనల్లుళ్లకే రాస్తున్నారన్నమాట ఆయన.