మా సారు మీద పద్యానికి ఉత్పలమాలా, చంపకమాలా?

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ దగ్గర పల్లె. మాకు ఓనమాలు దిద్దించిన సారు వచ్చే నెల రిటైర్ అవుతున్నారు. బడిలో సన్మానం రోజు ఆయన మీద ఒక పద్యం చదవాలని ఉంది. రెండు ఎత్తుగడలు రాసుకున్నాను.

ఉత్పలమాలలో: "అక్షర మిచ్చినారు మన యాశలు..."

చంపకమాలలో: "చదువుల నిచ్చినారు మన సారు..."

మొదటి గురువు బదులు రెండు లఘువులు వస్తే ఉత్పలమాల చంపకమాల అవుతుంది కదా. అందుకే యతి పదో అక్షరం నుంచి పదకొండుకు జరిగింది. అక్కడ "చ"కు "సా" చక్కగా కుదిరింది. మా ఊరి మాట "సారు" యతిస్థానంలోనే పడటం నాకు చాలా నచ్చింది. ప్రాస "ద" కాబట్టి పదుగురు, హృదయము, ముదమున వంటి మాటలు దొరుకుతాయి.

అయితే "అక్షర" అని గురువుతో మొదలుపెడితే గొంతు నిండుగా పలుకుతుంది. "చదువుల" నాలుగు లఘువులు, మైకులో గబగబా జారిపోతున్నాయి. ఉత్పలమాలకు "క్ష" ప్రాసలో శిక్షణ, రక్షణ తర్వాత నాకు మాటలు తట్టడం లేదు. "యాశలు" కూడా మా ఊరివాళ్లకు కొత్తగా వినిపిస్తుందని టెన్షన్.

పద్యం పాడే అలవాటున్నవారు చెప్పండి, చంపకమాల ఎత్తుగడను నిదానంగా ఎలా అందుకోవాలి? వృత్తంలో "సారు" అంటే పెద్దలు తప్పు పడతారా?