నెలకు 150 బిల్లుల లెక్కలు ఎవరికి అప్పగించాలి?

మారతహళ్లి దుకాణదారు: మాది ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం, పనివాళ్లు నలుగురు. నెలకు 150 దాకా కొనుగోలు బిల్లులు ఉంటాయి, జీఎస్టీ నెలనెలా వేస్తాం. ఇంటి నుంచి చేసే ఫ్రీలాన్సరు 5,000 అడుగుతున్నారు, ఏజెన్సీ 8,000, వారానికి మూడు పూటలు వచ్చే అకౌంటెంటు 9,000. ఎవరు మేలు?

కేఆర్ పురం: మనిషిని మాత్రం పెట్టుకోకండి. జీతం ఇస్తే పీఎఫ్, ఈఎస్ఐ తప్పవు. ఏజెన్సీకి బిల్లు కట్టేస్తే ఏ గొడవా ఉండదు.

జయనగర్ లెక్కలాయన: నలుగురున్న దుకాణానికి ఆ భయం లేదండీ. ఈఎస్ఐ 10 మంది దగ్గర, పీఎఫ్ 20 మంది దగ్గర మొదలవుతుంది. మీరు చూసుకోవలసింది నెలలో 14వ తేదీ నుంచి 20వ తేదీ వరకు ఉండే వారం.

ఎస్పీ రోడ్డులో టోకు వ్యాపారి దగ్గర లక్ష రూపాయల వైరు కొన్నారనుకోండి. 18 శాతం పన్నుతో కలిపి 1,18,000 కట్టేశారు. ఆయన 11వ తేదీలోగా తన అమ్మకాల రిటర్ను GSTR-1 వేయకపోతే, 14న వచ్చే మీ కొనుగోళ్ల జాబితా GSTR-2Bలో ఆ బిల్లు కనిపించదు. 20న పన్ను కట్టే రిటర్ను GSTR-3B వేసేటప్పుడు మీ పన్నులోంచి ఆ 18,000 తగ్గించుకోవడం కుదరదు, జేబులోంచి కట్టాలి. ఆయన తర్వాత వేస్తే క్రెడిట్ వస్తుంది, కానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుపోతుంది. పైగా కొందరు వేసినా మీ జీఎస్టీ నంబరు బదులు వేరొకరిది కొడతారు, అప్పుడూ బిల్లు కనిపించదు.

అందుకని 14న మీ కొనుగోలు పుస్తకాన్ని 2Bతో బిల్లు బిల్లుకూ సరిచూసి, లేనివాటి కోసం ఆ వ్యాపారులకు ఫోన్లు చేసేవారు కావాలి. బిల్లు కాగితం చేతిలో ఉన్న మనిషే ఈ పని చేయగలరు. నేనైతే అకౌంటెంటునే పెట్టుకుంటాను.

హొరమావు: మా ఫ్రీలాన్సరు పని బాగానే చేశారు. కానీ జీఎస్టీ పోర్టల్‌లో తన మొబైల్ నంబరే పెట్టుకున్నారు. ఆయన మానేశాక ఓటీపీలన్నీ అటే వెళ్లాయి. కాగితాలు పట్టుకుని మా పరిధిలోని పన్ను అధికారి దగ్గరకు వెళ్లి మార్పించుకోవలసి వచ్చింది.

అమీర్‌పేట నుంచి వచ్చినవాడిని: మాది టిఫిన్ల వ్యాపారం. డెలివరీలకు ఏజెన్సీయే నయం, ఒక కుర్రాడు రాకపోతే ఇంకొకరిని పంపుతారు.

జయనగర్ లెక్కలాయన: డెలివరీలకు అది నిజమే, కుర్రాడు మారినా పొట్లం మారదు. లెక్కల్లో మనిషి మారితే ఏ వ్యాపారి ఎప్పుడూ ఆలస్యం చేస్తాడో తెలిసినవారు పోతారు.

బీటీఎం లేఅవుట్: నేను పనిచేసేది ఇలాంటి ఏజెన్సీలోనే. మేమూ ఫోన్లు చేస్తాం. 8,000కు అన్ని ఏజెన్సీలూ చేస్తాయని మాత్రం చెప్పలేను. 2Bలో లేని బిల్లుల జాబితా 15వ తేదీన మీకు పంపుతామని ఒప్పందంలో రాయించుకోండి.

మారతహళ్లి దుకాణదారు: మొబైల్, ఈమెయిల్ ఈ రోజే సరిచూస్తాను. అకౌంటెంటు 18న జ్వరమని రాకపోతే రిటర్ను ఎవరు వేస్తారు?

జయనగర్ లెక్కలాయన: దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము, బాకీపై 18 శాతం వడ్డీ. కొందరు ఎంట్రీలు అకౌంటెంటుతో చేయించి, రిటర్ను బయటి సీఏతో వేయిస్తారు. ఆ రెండో ఖర్చు మీ దుకాణం మోయగలదో లేదో మీరే చూసుకోవాలి.